గల్ఫ్ ఉద్యోగికి పన్ను నోటీసు: అడిగేది వడ్డీ గురించి, ముప్పు అసలుకి

గల్ఫ్‌లో పనిచేసేవాళ్లకు ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చే నోటీసులు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఫలానా సంవత్సరంలో మీ పాన్ మీద ఇన్ని లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు కనిపిస్తున్నాయి, ఇంత వడ్డీ జమ అయింది, మీరు రిటర్న్ వేయలేదు, కాబట్టి పన్ను పడాల్సిన ఆదాయం తప్పించుకుందని అనుకోవాల్సి వస్తోంది, ఈ తేదీలోగా సంజాయిషీ ఇవ్వండి. చివర సెక్షన్ 148ఎ అని ఉంటుంది, అంటే పాత ఏడాది కేసు తిరగతోడే ముందు సంజాయిషీ అడగడం. చదివిన వెంటనే వచ్చే ప్రశ్న కూడా దాదాపు అందరిదీ ఒకటే: 'ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి పన్ను లేదన్నారు కదా, మరి ఇదేంటి?'

ఎన్‌ఆర్‌ఈ అంటే బయటి సంపాదన దాచుకునే ఖాతా, దాని వడ్డీకి పన్ను లేదన్న మాట చాలామంది విషయంలో నిజమే. అయితే నోటీసుకు ఆ ఒక్క మాట జవాబుగా సరిపోదు. ఇందులో నివాస స్థితి అనేది ఒకటి కాదు, రెండు. ఒకటి ఆదాయపు పన్ను చట్టం చెప్పేది, రెండోది విదేశీ మారక చట్టం ఫెమా చెప్పేది. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఒకే ఏడాదిలో వేర్వేరుగా ఉండొచ్చు. ఆ తేడా తెలియకుండా రాసిన జవాబు, న్యాయం మన వైపే ఉన్నా ఓడిపోయేలా చేస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజంపేట ప్రాంతం నుంచి 2012లో కువైట్ వెళ్లిన ఒక క్రేన్ ఆపరేటర్. ఏటా 50, 60 రోజులు సెలవు మీద ఇంటికి వచ్చి వెళ్తుంటాడు. 2020 మార్చి 5న సెలవుకి వచ్చాడు. ఆ నెలాఖరుకే లాక్‌డౌన్ వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆగస్టు నుంచి భారత్‌తో సహా చాలా దేశాల నుంచి నేరుగా వచ్చే విమానాలను కువైట్ ఆపేసింది. మూడో దేశంలో 14 రోజులు ఉండి వస్తేనే లోపలికి రానిచ్చేది. చాలామంది లాగే ఇతనూ నవంబర్ 2న దుబాయ్ వెళ్లి, అక్కడ 14 రోజులు గడిపి కువైట్ చేరాడు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కంపెనీ అతన్ని తీసేయలేదు, అక్కడి నివాస అనుమతి అయిన అఖామా కూడా రద్దు కాలేదు.

సెప్టెంబర్‌లో రాజంపేటలో ఉండగానే బ్యాంకుకి వెళ్లి, పాత ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు మూడు మూసేసి, ఆ డబ్బుతో 24 లక్షలకు 5.5 శాతం వడ్డీ మీద ఒకే కొత్త డిపాజిట్ వేశాడు. ఇక్కడి ఆదాయం వేసుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో మరో 4 లక్షల డిపాజిట్ ఉంది. అది నాన్న పొలం అమ్మినప్పుడు వచ్చిన వాటా. ఈ రెండింటి మీదా ఏడాదికి వచ్చే వడ్డీ వరుసగా 1,32,000, 22,000 రూపాయలు. లెక్క తేలిగ్గా ఉండటం కోసం పూర్తి ఏడాది వడ్డీ అదే అనుకుందాం. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద బ్యాంకు 31.2 శాతం చొప్పున 6,864 రూపాయలు టీడీఎస్ కోసేసింది. రిటర్న్ వేయలేదు. 2025 మార్చిలో నోటీసు వచ్చింది.

ఆ నెలలోనే ఎందుకు వచ్చిందన్న దానికి కారణం ఉంది. బయటపడని ఆదాయం 50 లక్షల లోపు అనిపించినప్పుడు, అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన తర్వాత 3 ఏళ్ల లోపే 148ఎ నోటీసు ఇవ్వాలి. 2020-21లో వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2021-22. దాని గడువు 2025 మార్చి 31తో అయిపోతుంది. ఏటా మార్చి చివరి వారాల్లో ఇలాంటి నోటీసులు గుంపుగా రావడానికి కారణం ఈ గడువే. నోటీసు వచ్చినంత మాత్రాన ఎవరో మన ఫైలు కూర్చుని చదివి తప్పు పట్టారని అర్థం కాదు. ఏడాదిలో మొత్తం 10 లక్షలు, అంతకు మించి కొత్త డిపాజిట్లు వేసినవాళ్ల వివరాలు బ్యాంకులు పన్ను శాఖకు పంపాలి. గడువు తీరిన డిపాజిట్‌ని అలాగే రెన్యువల్ చేస్తే ఆ లెక్కలోకి రాదు. మూసేసి మళ్లీ వేస్తే మాత్రం కొత్తదిగానే వెళ్తుంది. మన క్రేన్ ఆపరేటర్ విషయంలో జరిగింది అదే. 24 లక్షల కొత్త డిపాజిట్, పక్కన రిటర్న్ లేని పాన్. సిస్టమ్‌కి కనిపించింది అంతే.

ఇప్పుడు మొదటి నివాస స్థితి చూద్దాం. ఆదాయపు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది. విదేశంలో ఉద్యోగం చేస్తూ ఊరికి వచ్చి వెళ్లే భారత పౌరుడు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, అంతకు మించి ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 2 వరకు లెక్కపెడితే 216 రోజులు. కాబట్టి 2020-21కి అతను పన్ను చట్టం ప్రకారం రెసిడెంటే. కరోనా వల్ల ఇరుక్కుపోయాను, నా తప్పు కాదు అనే వాదన ఇక్కడ పనికిరాదు. 2019-20 చివరి రోజుల విషయంలో పన్ను బోర్డు కొంత సడలింపు ఇచ్చింది గానీ, 2020-21కి అలా రోజులు తీసేయడానికి ఒప్పుకోలేదు. 2021 మార్చి 3న ఇచ్చిన సర్క్యులర్‌లో ఆ సంగతి చెప్పింది. రెండు దేశాల్లోనూ పన్ను పడుతున్నవాళ్లు ఉంటే ఫారం నింపి తెలియజేయమంది, అంతవరకే. కాబట్టి జవాబులో 'నేను ఎన్‌ఆర్‌ఐని' అని మొదటి వాక్యం రాసి పాస్‌పోర్ట్ కాపీ జత చేస్తే, అధికారి ఆ పాస్‌పోర్ట్ స్టాంపులతోనే ఆ వాక్యం తప్పని తేల్చేస్తాడు. ఆ తర్వాత రాసిన నిజాలకు కూడా విలువ పోతుంది.

రెసిడెంట్ అయితే కువైట్ జీతం మీద కూడా ఇక్కడ పన్ను కట్టాలా? అక్కర్లేదు. రెసిడెంట్లలోనే మధ్యలో నిలిచే ఒక తరగతి ఉంది, 'నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్' అంటారు. ముందు 10 ఆర్థిక సంవత్సరాల్లో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, లేదా ముందు 7 ఏళ్లలో కలిపి ఇండియాలో 729 రోజులు మించకుండా ఉన్నా ఆ తరగతిలోకి వస్తారు. ఏటా 60 రోజుల లోపే ఉన్నాడు కాబట్టి 7 ఏళ్లకు 420 రోజులు దాటవు. ఈ తరగతిలో ఉన్నవాళ్లకు విదేశంలో సంపాదించి విదేశంలోనే చేతికి అందిన జీతం మీద ఇక్కడ పన్ను లేదు. అదే ఏడాది ఇంటి నుంచి లాప్‌టాప్ మీద విదేశీ కంపెనీకి పనిచేసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంగతి వేరు. పని ఇక్కడ జరిగింది కాబట్టి ఆ నెలల జీతం ఇక్కడి ఆదాయంగానే చూస్తారు. క్రేన్ ఆపరేటర్‌కి ఆ చిక్కు లేదు.

అసలు మెలిక ఇక్కడే వస్తుంది. రెసిడెంట్ అయిపోయాడు కాబట్టి ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మినహాయింపు కూడా పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ఊళ్లో రిటర్నులు వేసిపెట్టేవాళ్లే కాదు, కొందరు ఆడిటర్లు కూడా అదే చెప్పి ఆ వడ్డీని పన్ను ఆదాయంలో కలిపేస్తారు. చట్టం అలా అనడం లేదు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 10(4) రెండో భాగం ఆదాయపు పన్ను చట్టంలోని నాన్ రెసిడెంట్ అనే మాటనే వాడలేదు. ఫెమా నిర్వచనం ప్రకారం భారత్ బయట నివసించే వ్యక్తికి, లేదా ఆ ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతించిన వ్యక్తికి ఆ వడ్డీ మీద పన్ను లేదని చెప్పింది. అంటే వడ్డీ సంగతి తేలేది 182 రోజుల పన్ను లెక్కతో కాదు, రెండో నివాస స్థితితో.

ఫెమా చూసేది ముఖ్యంగా మనిషి ఎందుకు వెళ్లాడు, ఎందుకు వచ్చాడు అన్నది. అందులోనూ 182 రోజుల ప్రస్తావన ఉంది గానీ, అది అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో ఉన్న రోజుల గురించి. 2020-21 సంగతి తేల్చాలంటే 2019-20 చూడాలి. ఆ ఏడాది అతను ఇక్కడ ఉన్నది మార్చి 5 నుంచి 31 వరకు, 27 రోజులే. కాబట్టి ఫెమా ప్రకారం 2020-21లో అతను బయట నివసించే వ్యక్తే. మరి తర్వాతి ఏడాది, 2021-22? ముందు ఏడాది 216 రోజులు ఉన్నాడు కదా అనిపించొచ్చు. కానీ ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లినవాళ్లను, ఉద్యోగం మీద బయట ఉంటున్నవాళ్లను ఫెమా రోజుల లెక్కతో సంబంధం లేకుండా రెసిడెంట్ నిర్వచనం నుంచి తీసేసింది. సెలవు మీద వచ్చి ఇరుక్కుపోయిన మనిషి ఇక్కడ ఉద్యోగానికి రాలేదు, వ్యాపారానికి రాలేదు, ఎన్నాళ్లుంటాడో తెలియకుండా స్థిరపడటానికీ రాలేదు. దానికి రుజువులు రద్దు కాని అఖామా, కొనసాగుతున్న కంట్రాక్ట్, తిరుగు టికెట్. రెండేళ్లకూ వడ్డీ మినహాయింపు నిలుస్తుంది.

విదేశీ కరెన్సీలోనే ఉండే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ల నియమం దీనికి వేరు. వాటి వడ్డీ మినహాయింపు పన్ను చట్టం నివాస స్థితి మీదే ఆధారపడుతుంది. నాన్ రెసిడెంట్‌కీ, నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్‌కీ కూడా అది వర్తిస్తుంది. రెండు రకాల డిపాజిట్లూ ఉన్నవాళ్లు జవాబులో వాటిని ఒకే పేరాలో కలిపేయకూడదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం, టెన్షన్ దేని గురించి పడాలో అప్పుడే తెలుస్తుంది. మినహాయింపు నిలిస్తే పన్ను పడే ఆదాయం ఎన్‌ఆర్‌ఓ వడ్డీ 22,000 మాత్రమే. ఆ ఏడాది 2.5 లక్షల వరకు పన్ను లేదు. పోనీ మినహాయింపు పోయిందే అనుకుందాం. 1,32,000 కలిపినా మొత్తం 1,54,000. ఇది కూడా 2.5 లక్షల లోపే. అంటే వడ్డీ వాదనలో గెలిచినా ఓడినా ఇతనికి పన్ను సున్నా. రిటర్న్ వేయాల్సిన బాధ్యత కూడా లేదు. అంత మాత్రాన ఇంతసేపు చెప్పిన నివాస స్థితి లెక్క దండగ అనుకోవద్దు. కోట్ల రూపాయల డిపాజిట్లు ఉన్నవాళ్లకు అదే లెక్క లక్షల తేడా తెస్తుంది. ఇతని నోటీసులో మాత్రం ప్రమాదం 24 లక్షల దగ్గర ఉంది.

ఆ డబ్బు ఎక్కడిదో చూపించలేకపోతే అధికారి దాన్ని సెక్షన్ 69 కింద వివరణ లేని పెట్టుబడిగా రాస్తాడు. అలాంటి మొత్తానికి శ్లాబులుండవు, 2.5 లక్షల మినహాయింపు ఉండదు. ఆ ఏడాదికి నేరుగా 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, ఆ పైన 4 శాతం సెస్సు. కలిపితే 78 శాతం. 24 లక్షల మీద 60 శాతం 14.4 లక్షలు, సర్‌చార్జి 3.6 లక్షలు, సెస్సు 72 వేలు. మొత్తం 18,72,000 రూపాయలు. దీని మీద వడ్డీ, పెనాల్టీ వేరే. ఎనిమిదేళ్లు ఎండలో క్రేన్ మీద కూర్చుని కూడబెట్టిన డబ్బులో ముప్పావు వంతుకు పైగా, జవాబు ఇవ్వకపోవడం వల్లనో, ఇచ్చిన జవాబులో వడ్డీ గురించి మాత్రమే రాయడం వల్లనో డిమాండ్‌గా మారుతుంది. ఇది చూస్తూ ఊరుకోదగ్గ విషయం కాదు. పన్ను ఎగ్గొట్టిన మనిషి కాదు ఇతను, పన్ను పడని మనిషి.

కాబట్టి జవాబులో ఎక్కువ శ్రమ పెట్టాల్సింది డబ్బు నడిచిన దారి చూపించడం మీద. ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఉన్నవాళ్లకు ఇందులో ఒక పెద్ద అండ ఉంది. ఆ ఖాతాలో ఇక్కడి రూపాయలు నగదుగా వేయడానికి వీల్లేదు. బయటి నుంచి బ్యాంకు దారిలో వచ్చిన డబ్బు, ఖాతాదారు వచ్చినప్పుడు తెచ్చిన విదేశీ కరెన్సీ, మరో ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి వచ్చినది, నియమాల ప్రకారం ఎన్‌ఆర్‌ఓ నుంచి మార్చినది, ఇలాంటివే పడతాయి. కాబట్టి డిపాజిట్ ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి వేసిందేనని బ్యాంకు రాసిచ్చిన సర్టిఫికెట్ సగం పని చేసిపెడుతుంది. మిగతా సగం స్టేట్‌మెంట్లు చేస్తాయి.

దారి ఇలా వెనక్కి పట్టుకోవాలి. 2020 సెప్టెంబర్‌లో వేసిన 24 లక్షల డిపాజిట్ రసీదు. అదే రోజున, లేదా ముందు రోజున, పాత మూడు డిపాజిట్లు మూసినట్టు ఎన్‌ఆర్‌ఈ సేవింగ్స్ స్టేట్‌మెంట్‌లో మూడు జమలు. ఆ మూడింటి పాత రసీదు నంబర్లు, అవి మొదట వేసిన తేదీలు. ఒకటి 2016లో, ఒకటి 2017లో, ఒకటి 2018లో వేశాడనుకుంటే, ఆ తేదీల ముందు నెలల్లో ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చిన జమలు. ఆ జమలకు కువైట్ వైపు ఎక్స్ఛేంజ్ రసీదులు. చివరికి జీతం పడిన కువైట్ బ్యాంకు స్టేట్‌మెంట్. ఇవన్నీ ఒకే కాగితం మీద వరుసగా రాసి, ఏ జమకు ఏ కాగితమో నంబర్ వేసి చూపిస్తే అధికారికి రెండో ప్రశ్న వేయాల్సిన పని ఉండదు. విడివిడిగా 80 పేజీల స్టేట్‌మెంట్లు అప్‌లోడ్ చేసి 'దయచేసి గమనించగలరు' అని రాస్తే ఎవరూ గమనించరు.

ఈ వరుస బయటపెట్టే ఇంకో ముఖ్యమైన విషయం, డబ్బు 2020-21లో వచ్చింది కాదన్నది. నోటీసు ఆ ఒక్క ఏడాదికే. 2016లో సంపాదించి 2016లో పంపిన డబ్బు 2020లో ఒక డిపాజిట్ నుంచి ఇంకో డిపాజిట్‌కి మారినంత మాత్రాన ఆ ఏడాది ఆదాయం అయిపోదు. చాలా కేసులు ఈ ఒక్క వాక్యంతో, దానికి తగిన మూడు కాగితాలతో తేలిపోతాయి.

తేలనివి హుండీ కేసులు. ఎక్స్ఛేంజ్ కంటే నాలుగు పైసలు ఎక్కువ రేటు ఇస్తారని, అదే రోజు ఇంటికి చేరుతుందని హుండీలో పంపిన డబ్బుకు అటు రసీదు ఉండదు, ఇటు జమ ఉండదు. ఆ నగదును భార్య పేరునో తండ్రి పేరునో మామూలు సేవింగ్స్ ఖాతాలో వేసి డిపాజిట్ చేయిస్తారు. నోటీసు వాళ్ల పేరు మీదే వస్తుంది. వాళ్లకు ఆదాయం లేదు, నగదు ఎక్కడిదో కాగితం లేదు. కువైట్ జీతం స్టేట్‌మెంట్ చూపించి అంత సంపాదన ఉందని చెప్పొచ్చు గానీ, ఆ సంపాదనే ఈ నగదు అని కలిపే ముక్క దొరకదు. పైగా హుండీలో పంపడమే ఫెమా ప్రకారం తప్పు. రేటులో మిగిలింది వేలల్లో ఉంటే, పోయేది లక్షల్లో ఉంటుంది.

నివాస స్థితికి చూపాల్సిన కాగితాలు వేరు. పాస్‌పోర్ట్ అన్ని పేజీలూ, ఖాళీ పేజీలతో సహా ఇవ్వాలి. స్టాంపులున్న పేజీలే ఇస్తే మిగతావి దాచారనిపిస్తుంది. మధ్యలో పాస్‌పోర్ట్ రెన్యువల్ అయితే పాతది కూడా కావాలి. ఆటోమేటిక్ గేట్ల గుండా వెళ్తే స్టాంపు పడదు, అప్పుడు టికెట్లు, బోర్డింగ్ పాస్‌లు, ఆ దేశపు ఇమిగ్రేషన్ ఇచ్చే రాకపోకల రిపోర్టు దిక్కు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయా అన్నదాని మీద వాదాలున్నాయి. వచ్చిన రోజును వదిలేయొచ్చని కొన్ని ట్రిబ్యునల్ తీర్పులు చెప్పాయి. 216 రోజులున్న మనిషికి దాంతో పని లేదు. 182 దగ్గర ఊగిసలాడేవాళ్లు మాత్రం రెండూ కలిపి లెక్కేసుకోవడమే క్షేమం. 120 రోజులు దాటితే రెసిడెంట్ అనే కొత్త నియమం గురించి కూడా గల్ఫ్‌లో చాలా భయం ఉంది. అది ఇండియాలో వచ్చే ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకే. మినహాయింపు ఉన్న ఎన్‌ఆర్‌ఈ వడ్డీ ఆ 15 లక్షల్లో కలవదు.

న్యాయంగానే పన్ను పడే సందర్భాలు కూడా ఉన్నాయి. అదే మనిషికి 2020 అక్టోబర్ చివర్లో కంపెనీ ఉద్యోగం తీసేసినట్టు మెయిల్ పంపిందనుకుందాం. ఇక కువైట్ వద్దు, రాజంపేటలో హార్డ్‌వేర్ షాపు పెడతానని నవంబర్ 1న నిర్ణయించుకున్నాడు. బ్యాంకుకి చెప్పలేదు, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ అలాగే నడుస్తోంది. స్థిరపడటానికి వచ్చిన మనిషి ఖాతాను రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం వెంటనే రెసిడెంట్ ఖాతాగా మార్చాలి, లేదా తిరిగొచ్చినవాళ్లు విదేశీ కరెన్సీ ఉంచుకునే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాకు డబ్బు పంపాలి. డిపాజిట్‌ని మధ్యలో విరగ్గొట్టనక్కర్లేదు, గడువు వరకు అదే రేటుతో నడుస్తుంది. కానీ వడ్డీ మినహాయింపు ఉండదు. నవంబర్ 1 నుంచి మార్చి 31 వరకు 151 రోజులు. 1,32,000లో ఆ వాటా సుమారు 54,600. అంతవరకే పన్ను ఆదాయంలో కలపాలి. అక్టోబర్ వరకు వచ్చినదాన్ని కలపనక్కర్లేదు. బ్యాంకు రికార్డులో ఇంకా ఎన్‌ఆర్‌ఈ అని ఉంది కదా అని మొత్తం మినహాయింపు అడగడం చెల్లదు. ఖాతా మీద ఉన్న పేరు మినహాయింపు ఇవ్వదు, మనిషి స్థితి ఇస్తుంది.

ఇంకో పొరపాటు దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. గల్ఫ్ వెళ్లి పదేళ్లయినా ఊళ్లో చదువుకునేటప్పుడు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతానే వాడుతూ ఉండటం. జీతం డబ్బు అందులోకే పంపి అక్కడే డిపాజిట్లు వేస్తారు. ఫెమా ప్రకారం ఆ ఖాతా ఎన్‌ఆర్‌ఓగా మారి ఉండాలి. మారకపోయినా, మారినా, దాని వడ్డీకి 10(4) మినహాయింపు దొరకదు. అసలు గల్ఫ్ నుంచే వచ్చిందని నిరూపించుకోవచ్చు గానీ వడ్డీ పన్ను పడే ఆదాయమే. బ్యాంకు రెసిడెంట్ అనుకుని 10 శాతమే టీడీఎస్ కోసి ఉంటుంది, లేదా అసలు కోసి ఉండదు. ఇలాంటివాళ్లు జవాబులో మినహాయింపు వాదన ఎత్తకుండా, వడ్డీని ఒప్పుకుని, అసలు ఎక్కడిదో మాత్రం గట్టిగా చూపించుకోవాలి. ఒప్పుకోవాల్సింది ఒప్పుకున్న జవాబుకి మిగతా విషయాల్లో బలం వస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా, అక్కడ పన్ను చట్టం ప్రకారం రెసిడెంట్ అయినవాళ్లు అక్కడి రిటర్న్‌లో దాన్ని చూపించాల్సిందే. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు విడిగా తెలియజేయాలి.

ఇక నోటీసు చేతికి అందడమే పెద్ద సమస్య. చాలామంది పాన్ తీసుకున్నప్పుడు నెట్ సెంటర్ వాళ్లు తమ మెయిల్, తమ ఫోన్ నంబర్ ఇచ్చి ఉంటారు. నోటీసు ఆ మెయిల్‌కి వెళ్తుంది, పోస్టులో వస్తే ఊళ్లో అమ్మ సంతకం పెట్టి బీరువాలో దాస్తుంది. అంతలో గడువు దాటిపోతుంది. పోర్టల్ ఖాతాలో పెట్టినా నోటీసు అందినట్టేనని శాఖ లెక్క. పాత ఇండియా సిమ్ ఆగిపోయి ఉంటే ఓటీపీ రాదు. కాబట్టి incometax.gov.in లో లాగిన్ అయి, ప్రొఫైల్‌లో మెయిల్, ఫోన్, నివాస స్థితి సరిచేసుకోవడం నోటీసు రాకముందే చేయాల్సిన పని. పెండింగ్‌లో ఏమైనా ఉందా అన్నది `e-Proceedings` కింద కనిపిస్తుంది.

నోటీసు పేరుతో మోసాలూ జరుగుతున్నాయి కాబట్టి, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూసి ఎవరికీ డబ్బు పంపకూడదు. 2019 అక్టోబర్ 1 నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా డిన్ అనే నంబర్ ఉండాలి. పోర్టల్ మొదటి పేజీలోనే `Authenticate Notice/Order Issued by ITD` అనే చోట ఆ నంబర్ కొట్టి చూస్తే నిజమైనదో కాదో తెలుస్తుంది. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు.

జవాబులో మొదట నిజమైన నివాస స్థితి రాయాలి: పన్ను చట్టం ప్రకారం రెసిడెంట్, కానీ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్, ఫెమా ప్రకారం బయట నివసించే వ్యక్తి. తర్వాత డిపాజిట్ డబ్బు నడిచిన దారి. ఆ తర్వాతే వడ్డీ, మినహాయింపు ఏ సెక్షన్ కింద అడుగుతున్నదీ, మిగిలిన ఆదాయం ఎందుకు పన్ను పరిమితి లోపు ఉందో. కాగితాలు కువైట్ నుంచి తెప్పించుకోవడానికి సమయం చాలకపోతే గడువు తీరేలోగానే వాయిదా అడగాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా, పాత సంవత్సరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి సెక్షన్ నంబర్లు పాతవే రాయాలి.

జవాబు చూశాక అధికారి కేసు తిరగతోడాలా వద్దా అని ఒక ఆర్డర్ ఇస్తాడు. వద్దంటే అక్కడితో అయిపోయింది. తోడాలంటే 148 నోటీసు వస్తుంది, అప్పుడు ఆ ఏడాదికి రిటర్న్ వేయాలి. అందులో సులభమైన ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి, ఎన్‌ఆర్‌ఈ వడ్డీని మినహాయింపు ఆదాయాల షెడ్యూల్‌లో చూపించాలి. దేనికీ జవాబు ఇవ్వకపోతే అధికారి తనకున్న సమాచారంతోనే లెక్క కట్టేస్తాడు, 78 శాతం డిమాండ్లు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఆ ఆర్డర్ అందిన 30 రోజుల్లో ఫారం 35లో అప్పీలు వేసుకోవచ్చు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తర్వాత కూడా తీసుకునే వీలుంది గానీ, అప్పీలు తేలేదాకా వసూలు ఆపాలంటే 2026 బడ్జెట్ దాకా మామూలుగా డిమాండ్‌లో 20 శాతం ముందే కట్టమనేవారు. మన లెక్కలో అది 3,74,400 రూపాయలు.